స్లిప్ టెస్టులో వచ్చిన లెక్క ప్రీ ఫైనల్లో ఎందుకు రాదు?

ప్రశ్న: నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో పదో తరగతికి లెక్కలు చెప్తాను. క్లాసులో 36 మంది ఉంటే అందులో 11 మంది పక్క తండా నుంచి వస్తారు. బోర్డు దగ్గరికి పిలిస్తే వాళ్లలో చాలామంది లెక్క చేసేస్తారు, స్లిప్ టెస్టుల్లోనూ పర్వాలేదు. ప్రీ ఫైనల్ అనేసరికి తెలిసిన లెక్క కూడా సగంలో కొట్టేసి వదిలేస్తున్నారు. మిగతా పిల్లలకు ఇంత తేడా రావడం లేదు. మా స్టాఫ్‌లో ఇద్దరు ముగ్గురికి ‘వాళ్లకి పాస్ మార్కులు వస్తే చాలు’ అనడం అలవాటు, పిల్లలు వినేలాగే అంటారు. మొన్న ఒక అమ్మాయి వచ్చి ‘టీచర్, మా తండా వాళ్లకి లెక్కలు రావంట, నిజమేనా?’ అని అడిగింది. ఏదో సర్దిచెప్పి పంపించాను. ఒక ట్రైనింగ్‌లో స్టీరియోటైప్ థ్రెట్ అని చెప్పారు. అలాంటిది నిజంగా ఉందా? ఉంటే క్లాసులో నేనేం చెయ్యాలి?
— ఒక గణిత ఉపాధ్యాయురాలు, నల్గొండ జిల్లా

టీచర్ గారూ,

ఉంది. కాకపోతే ట్రైనింగుల్లో చెప్పినంత పెద్దగా, చెప్పినంత ఖాయంగా ఉండదు. మీ పిల్లల విషయంలో అదే కారణమని ముందే తేల్చేసుకోకుండా, అదేమిటో, అవునో కాదో ఎలా చూసుకోవాలో, అవునైతే ఏం మార్చాలో వరుసగా చెప్తాను. మనవాళ్ల మీద ఉన్న చెడ్డ ముద్ర నావల్ల నిజమైపోతుందేమో అన్న భయమే ఈ స్టీరియోటైప్ థ్రెట్. రాయడానికి తేలికగా ఉంటుందని ముద్ర భయం అంటాను.

1995లో క్లాడ్ స్టీల్, జాషువా ఆరన్సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ విద్యార్థుల మీద కొన్ని ప్రయోగాలు ప్రచురించారు. మన పిల్లలు పైచదువులకు వెళ్లేటప్పుడు రాసే జీఆర్‌ఈ ఉంది కదా, దాంట్లోని ఇంగ్లిష్ భాగం నుంచి బాగా కష్టమైన ప్రశ్నలు ఏరి, అరగంట టైమిచ్చి, నల్లజాతి, తెల్లజాతి విద్యార్థుల చేత రాయించారు. పేపర్ ఒకటే, మాట మాత్రం మార్చారు. కొందరికి ‘ఇది మీ తెలివిని కొలిచే పరీక్ష’ అని చెప్పారు. ఇంకొందరికి ‘మనుషులు సమస్యల్ని ఎలా పరిష్కరిస్తారో తెలుసుకోవాలని ఇస్తున్నాం, మీ సామర్థ్యం కొలవడానికి కాదు’ అని చెప్పారు. తెలివిని కొలుస్తున్నాం అన్నచోట నల్లజాతి విద్యార్థుల మార్కులు పడిపోయాయి. కాదు అన్నచోట, అంతకుముందు ఎంట్రన్స్ మార్కులను బట్టి వాళ్లకు రావాల్సినంత వచ్చాయి. మరో ప్రయోగంలో అయితే తెలివి మాటే ఎత్తలేదు. పరీక్షకు ముందు నింపే కాగితంలో ‘మీ జాతి’ అని ఒక గడి పెట్టారు, అంతే. కొందరి కాగితంలో ఆ గడి ఉంది, కొందరి కాగితంలో లేదు. ఉన్నవాళ్లలో నల్లజాతి విద్యార్థుల మార్కులు తగ్గాయి.

ఇందులో రెండు విషయాలు మీకు పనికొస్తాయి. మొదటిది, ఆ విద్యార్థులు చదువు రానివాళ్లు కాదు. స్టాన్‌ఫర్డ్‌లో సీటు తెచ్చుకున్నవాళ్లు, చదువును ప్రాణంగా పెట్టుకున్నవాళ్లు. ముద్ర భయం పట్టేది అలాంటివాళ్లనే. లెక్కలు వస్తే ఎంత, రాకపోతే ఎంత అనుకునే పిల్లవాడికి ఈ భయం ఉండదు, వాడి సమస్య వేరు. మీ దగ్గరికి వచ్చి ‘నిజమేనా’ అని అడిగిన అమ్మాయికి లెక్కల మీద పట్టింపు ఉంది కాబట్టే అడిగింది.

రెండోది, చాలా పుస్తకాలు తప్పుగా చెప్పేది. పరీక్ష పేరు మార్చగానే రెండు జాతుల మధ్య తేడా మాయమైందని రాస్తుంటారు. అలా జరగలేదు. అంతకుముందున్న మార్కుల తేడాను లెక్కలోంచి తీసేశాక మిగిలిన తేడా మాత్రమే పోయింది. అంటే భయం తీసేస్తే పిల్లవాడికి అప్పటికే వచ్చినది బయటికొస్తుంది తప్ప, రానిది కొత్తగా రాదు. ఇంతకు మించి ఆశ పెట్టుకోకండి.

మరి తలలో ఏం జరుగుతుంది? మనం ఒక పని చేస్తున్నంతసేపు దానికి కావాల్సిన అంకెల్నీ మెట్లనూ కాసేపు మనసులో పట్టుకుని ఉంచుతాం. ఆ చోటు చిన్నది. ‘నేను తప్పు చేస్తే మావాళ్ల గురించి అనేదే నిజమవుతుంది’ అన్న ఆలోచన, దాన్ని తోసేయాలన్న ప్రయత్నం, తప్పు చేశానా అని తిరిగి తిరిగి చూసుకోవడం, ఇవన్నీ ఆ చోటులోకే వచ్చి కూర్చుంటాయి. అమెరికాలో టోనీ ష్మేడర్, మైకేల్ జాన్స్ 2003లో దీన్ని కొలిచి చూశారు. ముద్ర గుర్తుచేసినప్పుడు మనసులో పట్టుకోగలిగే పదాల సంఖ్యే తగ్గిందని తేలింది. అందుకే తేలిక లెక్కల్లో ఈ భయం కనపడదు. ఎక్కాలు, సూత్రంలో అంకెలు వేసి చేసే లెక్కలు చెయ్యి అలవాటుగా చేసుకుపోతుంది. నాలుగైదు మెట్లు మనసులో ఉంచుకుని చేయాల్సిన దగ్గరే దెబ్బ.

మీ పాఠంలోంచే ఒకటి తీసుకుందాం. రెండు వరుస ధన బేసి సంఖ్యల వర్గాల మొత్తం 290, ఆ సంఖ్యలేవి అన్న లెక్క. పిల్ల మొదటి సంఖ్యను x అనుకుంటుంది, రెండోది x + 2. x² + (x + 2)² = 290 అని రాస్తుంది, విస్తరించి సర్దితే x² + 2x − 143 = 0 వస్తుంది. ఇక్కడిదాకా చెయ్యి వెళ్లిపోతుంది. ఇప్పుడు గుణిస్తే 143 కావాలి, తేడా 2 రావాలి. 143 మూడుతో పోదు, ఐదుతో పోదు, ఏడుతో పోదు. పదకొండు దగ్గరికి వెళ్లాలంటే పోని వాటిని గుర్తుంచుకుంటూ ఇంకొక్క నిమిషం ఓపిక పట్టాలి. మామూలు రోజైతే పడుతుంది, 13, 11 దొరుకుతాయి. ప్రీ ఫైనల్లో ఆ నిమిషంలోనే ‘143 పోవట్లేదంటే పైన ఎక్కడో తప్పు చేసుంటాను, నాకు ఎప్పుడూ ఇంతే’ అన్న మాట వస్తుంది. పైకి వెళ్లి సరిగ్గా ఉన్న సమీకరణాన్ని కొట్టేస్తుంది. రెండో సంఖ్య x + 2 కాదేమో, x + 1 ఏమో అని మళ్లీ మొదలుపెడుతుంది. పది నిమిషాలు పోయాయి, జవాబు లేదు.

మీ దగ్గర ప్రీ ఫైనల్ పేపర్లు ఇంకా ఉంటే ఒకసారి బయటికి తీసి, మార్కులు పక్కనపెట్టి, కొట్టివేతలు మాత్రమే చూడండి. కొట్టేసినది తప్పా, ఒప్పా? తెలియని పిల్ల తప్పు సమీకరణం రాసి దాన్నే నమ్ముకుని చివరిదాకా వెళ్తుంది, లేదా ఖాళీ వదులుతుంది. భయపడిన పిల్ల ఒప్పు రాసి దాన్ని కొట్టేస్తుంది. ఇది పక్కా రుజువు కాదు, మామూలు పరీక్ష టెన్షన్‌లోనూ ఇలా జరుగుతుంది. కానీ ఎక్కడ వెతకాలో చెప్తుంది. ఒప్పును కొట్టేసిన పేపర్లు తండా పిల్లలవే ఎక్కువైతే, మిగతావాళ్లలో అది లేకపోతే, అనుమానించడానికి తగిన కారణం ఉన్నట్టు.

ఇంకొంచెం గట్టిగా తెలుసుకోవాలంటే ఒక పని చేయొచ్చు. ఒకే స్థాయిలో రెండు చిన్న పేపర్లు తయారుచేయండి, ఒక్కోదాంట్లో రెండు తేలిక లెక్కలు, మూడు 143 లాంటివి. ఒక వారం ‘ఈ పాఠం నేను సరిగ్గా చెప్పానో లేదో చూసుకోవడానికి ఇస్తున్నాను, ఎక్కడ ఆగారో అక్కడ గుర్తు పెట్టండి’ అని చెప్పి రాయించండి. ఆ తర్వాతి వారం ‘ఇది పరీక్ష, మార్కులు రిజిస్టర్లో ఎక్కుతాయి’ అని మామూలుగా చెప్పేటట్టే చెప్పండి. మొదటి వారం సగం మందికి ఒక పేపర్, సగం మందికి రెండోది ఇచ్చి, తర్వాతి వారం తారుమారు చేయండి. లేకపోతే తేడా మాటకు వచ్చిందో పేపర్‌కు వచ్చిందో తెలియదు. ‘పరీక్ష’ అన్న వారం అందరికీ సమానంగా తగ్గితే అది మామూలు పరీక్ష భయం. తండా పిల్లలకు రెండు వారాలూ తక్కువే వస్తే పునాదిలో లోటు, భిన్నాల దగ్గరో గుర్తుల దగ్గరో. తేలిక లెక్కలు నిలబడి, కష్టమైనవి మాత్రం ‘పరీక్ష’ అన్న వారమే పడిపోయి, అది వాళ్లలోనే ఎక్కువ కనపడితే ముద్ర భయం అనుకోవచ్చు. పదకొండు మంది అంటే చిన్న గుంపు. ఒకరికి ఆ రోజు జ్వరమున్నా సగటు మారిపోతుంది. కాబట్టి సగటు వేయకండి, ఒక్కొక్కరి పేపర్ పక్కపక్కన పెట్టి చూడండి.

అమెరికా గొడవ మనకెందుకు అంటారేమో. మన దగ్గరా చేశారు. ప్రపంచ బ్యాంకుకు చెందిన కార్లా హాఫ్, ప్రియాంక పాండే ఉత్తరప్రదేశ్‌లోని పల్లెల్లో 321 మంది అగ్రకులాల పిల్లల్నీ, 321 మంది దళిత పిల్లల్నీ తీసుకున్నారు. అందరూ ఆరు, ఏడు తరగతుల మగపిల్లలు. కాగితం మీద దారి కనిపెట్టే చిక్కుముళ్లు ఇచ్చి, పరిష్కరించిన దాన్నిబట్టి డబ్బులిచ్చారు. ఎవరి కులమూ బయటికి చెప్పనప్పుడు రెండు వర్గాల పిల్లలూ దాదాపు సమానంగా చేశారు. గదిలో అందరి ముందూ పేరు, తండ్రి పేరు, కులం చదివాక దళిత పిల్లల పని పడిపోయి పెద్ద తేడా వచ్చింది. 2004లో ఈ ఫలితాలు వెలువడ్డాయి.

ఈ ప్రయోగంలో నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించేది చివరి మలుపు. ఇంకో ఏర్పాటులో డబ్బు ఎవరికి ఎలా వస్తుందనేది మనిషి చేతిలో కాకుండా చీటీల డ్రా మీదికి నెట్టారు. అప్పుడు కులం తెలిసినా తేడా పోయింది. దీన్నిబట్టి ఆ పిల్లల భయం ‘నాకు రాదేమో’ అన్నది మాత్రమే కాదు, ‘నా కులం తెలిశాక ఈయన నాకు న్యాయంగా ఇస్తాడా’ అన్నది కూడా అని ఆ పరిశోధకులు అనుకున్నారు. అది పిచ్చి భయం కూడా కాదు, వాళ్ల ఊళ్లో చూసిన అనుభవమే. మీకు ఇందులో పని ఉంది. పిల్లల ధైర్యం మీద ఎంత పని చేసినా, పేపర్ దిద్దే చేయి మీద వాళ్లకు నమ్మకం లేకపోతే సగమే ఫలితం. మార్కులు ఎలా వేస్తారో, ఏ మెట్టుకు ఎన్నో బోర్డు మీద ముందే రాయండి. దిద్దేటప్పుడు పేర్లున్న పేజీ మడిచి దిద్దండి, మడిచి దిద్దుతున్నారని క్లాసుకు తెలియనివ్వండి. మీరు న్యాయంగానే దిద్దుతారని నాకు అనుమానం లేదు. ఆ సంగతి వాళ్లకు తెలియాలి.

ఇక పరీక్ష రోజు. చాలా బళ్లలో కనపడేది ఒకటుంది. ప్రీ మెట్రిక్ స్కాలర్‌షిప్ వివరాలు కావాలని ఆఫీసు నుంచి రిజిస్టర్ వస్తుంది, అదీ పరీక్ష రోజే, పిల్లలందరూ దొరుకుతారని. ‘ఎస్సీ వాళ్లు లేవండి, ఎస్టీ వాళ్లు లేవండి, కుల సర్టిఫికెట్ ఎవరివ్వలేదు’ అని పేర్లు చదువుతారు. ఎవరికీ చెడ్డ ఉద్దేశం లేదు, పని అయిపోవాలంతే. స్టాన్‌ఫర్డ్‌లో కాగితం మీద పెట్టిన చిన్న గడిని మనం గొంతెత్తి చదువుతున్నాం, అంతే తేడా. మీ బడిలో ఇది జరుగుతుంటే హెడ్మాస్టర్‌తో మాట్లాడి ఆ పనిని పరీక్షలు లేని రోజుకు, క్లాసు బయటికి, ఒక్కొక్కరినీ విడిగా పిలిచే పద్ధతికి మార్పించండి. మీరు చేయబోయే పనుల్లో ఖర్చు లేనిది, వాదన లేనిది ఇదే. మార్కుల ప్రకారం, ఊరి ప్రకారం బెంచీలు వేసే అలవాటుంటే అదీ ఆపండి.

పేపర్లు పంచే ముందు చెప్పే మాట కూడా ముఖ్యమే. ‘ఈ పరీక్షతో ఎవరి సత్తా ఎంతో తేలిపోతుంది’ లాంటి మాటలు మనకు అలవాటుగా వచ్చేస్తాయి. దాని బదులు ‘ఇందులో మూడో లెక్క, ఐదో లెక్క కష్టంగా ఇచ్చాను, అందరూ అక్కడ ఆగుతారు. ఆగితే పైన చేసింది కొట్టేయొద్దు, కింద గీత గీసి తర్వాత లెక్కకు వెళ్లి మళ్లీ రండి’ అని చెప్పండి. ఈ మాటతో ఆగిపోవడం అనేది ఆ లెక్క స్వభావం అవుతుంది, తండా స్వభావం కాదు. కొట్టివేతకూ ఒక అడ్డు పడుతుంది. గుండె దడ గురించి కూడా ఒక ముక్క చెప్పొచ్చు. 2010లో జెరెమీ జేమీసన్ బృందం జీఆర్‌ఈకి సిద్ధమవుతున్న విద్యార్థుల్లో కొందరికి ‘దడ పుట్టడం చెడ్డది కాదు, అలా ఉన్నప్పుడు బాగా చేసేవాళ్లూ ఉంటారు’ అని చెప్పి చూసింది. వాళ్లు లెక్కల భాగంలో మిగతావాళ్లకంటే బాగా చేశారు.

ఇప్పుడు దిద్దడం గురించి. నా దృష్టిలో టీచర్ చేతిలో ఉన్న అతి పెద్ద సాధనం ఎర్రపెన్ను. మంచి మనసున్న టీచర్లే ఇక్కడ ఎక్కువ నష్టం చేస్తారు. వెనకబడిన పిల్ల కదా అని తేలిక లెక్కకు ‘వెరీ గుడ్’ రాస్తారు, కష్టమైన లెక్క తప్పితే ‘పర్లేదు, అందరికీ లెక్కలు రావాలని లేదు’ అని ఓదారుస్తారు. అనీతా రతన్, కేథరిన్ గుడ్, కెరల్ డ్వెక్ 2012లో సరిగ్గా ఈ ఓదార్పునే పరీక్షించారు. అలా ఓదార్చిన టీచర్ తన మీద ఆశ వదులుకుందని విద్యార్థులు అర్థం చేసుకున్నారు, వాళ్ల ఉత్సాహం తగ్గింది. మీ స్టాఫ్ రూంలో ‘పాస్ మార్కులు చాలు’ అనేది గట్టిగా అన్న మాట. ‘పర్లేదులే’ అనేది అదే మాట మెత్తగా అనడం. పిల్లలకు రెండూ ఒకేలా వినపడతాయి.

అలాగని ఉత్త తప్పులు పట్టినా పనికాదు. ముద్ర మోస్తున్న పిల్ల పేపర్ నిండా ఎర్రగీతలు చూస్తే, ఇవి నా లెక్క మీదా, నా తండా మీదా అని అనుమానపడుతుంది. డేవిడ్ యేగర్, జెఫ్రీ కోహెన్ బృందం 2014లో ప్రచురించిన పరిశోధన ఈ చిక్కుకు జవాబు వెతికింది. ఏడో తరగతి పిల్లలు 44 మంది ఒక వ్యాసం రాశారు, టీచర్లు ఎప్పటిలాగే వివరంగా దిద్దారు. తర్వాత ప్రతి పేపర్‌కూ ఒక చిన్న చీటీ అతికించారు. సగం మందికి ‘వ్యాసం గురించి మీకు తెలియాలని ఈ వ్యాఖ్యలు రాశాను’ అని. మిగతా సగానికి ‘నీ మీద నాకు చాలా పెద్ద అంచనాలున్నాయి, నువ్వు అందుకోగలవని తెలుసు, అందుకే ఇవి రాశాను’ అన్న భావం వచ్చేలా. ఎవరికి ఏ చీటీ వెళ్లిందో టీచర్లకు తెలియదు. వ్యాసం మళ్లీ రాసి తెస్తారా లేదా అనేది పిల్లల ఇష్టానికి వదిలేశారు. మామూలు చీటీ అందుకున్న నల్లజాతి పిల్లల్లో వందకు 17 మందే మళ్లీ రాశారు. రెండో చీటీ అందుకున్నవాళ్లలో వందకు 70 మందికి పైగా రాశారు. టీచర్ల మీద నమ్మకం తక్కువగా ఉన్న పిల్లల్లోనే మార్పు ఎక్కువ కనిపించింది.

చూడండి, ఆ చీటీలో పొగడ్త లేదు. తప్పులు తప్పులుగానే దిద్దారు. చీటీ ఒంటరిగా పనిచేసేది కూడా కాదు, కింద నిజమైన దిద్దుబాటు ఉంటేనే దానికి అర్థం. మీ 290 లెక్కకు దీన్ని అన్వయిస్తే ఇలా ఉంటుంది: ‘x² + 2x − 143 = 0 వరకు పూర్తిగా కరెక్టు, దాన్ని కొట్టేయాల్సిన పని లేదు. 143 ఏడుతో పోకపోతే తర్వాత 11 చూడు. ఈ స్థాయి లెక్క నువ్వు పూర్తి చేయగలవని తెలిసే ఇంత వివరంగా రాశాను. రేపు మళ్లీ చేసి తీసుకురా.’ ఏది సరైనదో చెప్పారు, ఎక్కడ ఆగిందో చెప్పారు, తర్వాతి అడుగు చెప్పారు, గడువు పెట్టారు. మళ్లీ తెచ్చినప్పుడు దాన్ని దిద్ది మార్కులు సవరించండి. సవరించకపోతే చీటీలో మాట ఉత్తదే అని పిల్లలకు వారంలో తెలిసిపోతుంది. 36 పేపర్లకు ఇలా రాయడం ప్రతిసారీ కుదరదు, తెలుసు. పేపర్‌కు ఒక్క లెక్క మీద రాస్తే చాలు.

ఇక్కడ ఒక జాగ్రత్త. ఇవేవీ తండా పిల్లలకు మాత్రమే చేయకండి. వాళ్లను విడిగా కూర్చోబెట్టి ‘మీకూ వస్తాయి లెక్కలు, ఎవరన్నారు రావని’ అని ధైర్యం చెప్తే, మీకు రావని ఒక మాట ఉందని గుర్తుచేసినట్టే. మడిచి దిద్దడం, పరీక్ష ముందు మాట, చీటీ అన్నీ క్లాసు మొత్తానికి.

విడిగా మాట్లాడాల్సిన మనిషి ఒకరే, మిమ్మల్ని అడిగిన అమ్మాయి. తను అడిగింది కాబట్టి దాటేయకుండా చెప్పాలి. ‘నిజం కాదు. అలా అంటారని నువ్వూ విన్నావు, నేనూ విన్నాను. ఆ మాట విన్నవాళ్లకు పరీక్షలో కష్టమైన లెక్క దగ్గర అది గుర్తొస్తుంది, అప్పుడు చేతిలో ఉన్న లెక్క జారిపోతుంది. నీకు అలా అయితే అది లెక్క రాకపోవడం కాదు, ఆ మాట గుర్తురావడం. పెన్ను కింద పెట్టి, ఎక్కడిదాకా వచ్చావో అక్కడినుంచి మళ్లీ చూసుకో’ అని చెప్పొచ్చు. తర్వాత ఆ అమ్మాయి కొట్టేసిన ఒప్పు లెక్క ఒకటి తన పేపర్లోంచే చూపించండి. 2005లో జాన్స్, ష్మేడర్, మార్టెన్స్ ఇదే దారిలో ప్రయోగం చేశారు. లెక్కల పరీక్ష ముందు ఆడపిల్లలకు ముద్ర భయం అంటే ఏమిటో వివరించి, మీకు దడ వస్తే దాని వల్ల కావచ్చు అని చెప్పారు. అలా చెప్పిన గుంపులో ఆడపిల్లలు మగపిల్లలతో సమానంగా చేశారు. అడగని పిల్లలకు ఇదంతా ఉపన్యాసంగా ఇవ్వకండి.

మొదట్లో ఖాయంగా ఉండదని ఎందుకన్నానో ఇప్పుడు చెప్పాలి. పైన చెప్పిన ప్రయోగాల్లో చాలావాటిలో విద్యార్థులు కొద్దిమందే. ఈ రంగంలో ఫలితం వచ్చిన ప్రయోగాలు అచ్చయి, రానివి సొరుగుల్లో ఉండిపోయాయన్న విమర్శకు ఆధారాలున్నాయి. నెదర్లాండ్స్‌లో పౌలెట్ ఫ్లోర్, యోరిస్ మల్డర్, యెల్టె విఖర్ట్స్ తమ పద్ధతిని ముందే ప్రకటించి, రెండు వేలకు పైగా హైస్కూల్ పిల్లల మీద, ఆడపిల్లలు–లెక్కలు అన్న ముద్రతో పెద్ద ప్రయోగం చేసి 2018లో ప్రచురించారు. ఏ తేడా రాలేదు. అమెరికాలో బాగా పేరొచ్చిన ఇంకో ఉపాయం, పిల్లల చేత తమకు విలువైన విషయాల గురించి పదిహేను నిమిషాలు రాయించడం, 2006లో గొప్ప ఫలితమిచ్చింది. తర్వాత వేరేచోట్ల చేస్తే ఒకచోట వచ్చింది, ఒకచోట రాలేదు. అందుకే దాన్ని మీకు చెప్పలేదు. ఎవరైనా ట్రైనింగ్‌లో ఇలాంటి ఒక్క కసరత్తుతో ఉత్తీర్ణత శాతం పెరుగుతుందని చెప్తే నమ్మకండి.

నేను చెప్పినవాటిని ఏరిన లెక్క ఒకటే. ముద్ర భయం మీ క్లాసులో లేదని తేలినా నష్టం లేనివి మాత్రమే తీసుకున్నాను. కుల వివరాలు పరీక్ష రోజు గట్టిగా చదవకపోవడం, మార్కుల పద్ధతి ముందే చెప్పడం, పేరు చూడకుండా దిద్దడం, తప్పును వివరంగా దిద్ది మళ్లీ చేయించడం ఏ క్లాసుకైనా మంచివే.

స్టాఫ్ రూం సంగతి చివరికి మిగిల్చాను, అది అన్నిటికంటే కష్టం కాబట్టి. ఆ ఇద్దరు ముగ్గురికి ఈ ప్రయోగాలన్నీ చెప్పి ఒప్పించాలని చూడకండి, వాదన పెరిగి మాట ఇంకా గట్టిగా వినపడుతుంది. వాళ్లకు పేపర్లు చూపించండి. ఒప్పు రాసి కొట్టేసిన సమీకరణాలున్న నాలుగైదు పేపర్లు పేర్లు కనపడకుండా మడిచి, ‘ఈ పిల్లకు లెక్కలు వచ్చా, రావా’ అని అడగండి. లెక్కల టీచర్ ఎవరైనా ‘వచ్చు, తొందరపడింది’ అనే అంటారు. అప్పుడు పేజీ విప్పొచ్చు. ఆ తర్వాత కూడా అనేవాళ్లు అంటారు. కనీసం పిల్లలు వినేచోట అనొద్దని అడిగే హక్కు మీకుంది, అవసరమైతే ఆ విషయం హెడ్మాస్టర్ నోట చెప్పించండి.

తర్వాతి ప్రీ ఫైనల్ పేపర్లు వచ్చాక ముందు మార్కులు కాదు, కొట్టివేతలు లెక్కపెట్టండి. ఒప్పును కొట్టేయడం తగ్గి, మార్కులు మాత్రం అక్కడే ఉంటే భయం సంగతి కొంత తేలినట్టు, మిగిలింది పాఠం. ఆ పిల్లలతో భిన్నాలు, గుర్తులు, కారణాంకాలు మళ్లీ మొదటినుంచి చేయించాలి. దానికి సాయంత్రం స్పెషల్ క్లాసే దారి.